రెండు భాషల వీడియో సమావేశం: ఆహ్వానం, చర్చాసూచిక

బళ్లారి పట్టణం జీన్స్ ప్యాంట్ల తయారీకి పేరు పొందింది. అక్కడ తెలుగువారు నడిపే ఒక కుట్టు కర్మాగారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. న్యూయార్కులోని ఒక వ్యాపారి ఆ కర్మాగారం నుండి ప్యాంట్లు కొంటాడు. వచ్చిన నమూనాలో నడుము అరంగుళం ఎక్కువగా ఉందని ఆయన తెలిపాడు. దీనిని తేల్చుకోవడానికి వీడియో సమావేశం జరపాలి. మేస్త్రీకి ఇంగ్లీషు రాదు, వ్యాపారికి తెలుగు రాదు. కనుక ఒకరి మాటను మరొకరికి చెప్పే దుబాసీ అవసరం.

మొదట సమయాన్ని నిర్ణయించాలి. న్యూయార్కులో మార్చి నెల రెండవ ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. 2026లో ఆ రోజు మార్చి 8. అంతవరకు మన గడియారం వారి గడియారం కంటే పదిన్నర గంటలు ముందుంటుంది. ఆ తరువాత తొమ్మిదిన్నర గంటలే. అందుచేత మార్చి 10న మనకు సాయంత్రం 6.30 అయితే అక్కడ ఉదయం 9.00. పాత లెక్కతో 8.00 అని రాస్తే, వ్యాపారి గంటసేపు ఖాళీ తెర ముందు కూర్చుంటాడు. తేదీని 10-3 అని రాయడమూ మంచిది కాదు. అమెరికాలో నెలను ముందు రాస్తారు కాబట్టి దానిని అక్టోబరు 3గా చదువుతారు. నెల పేరును అక్షరాలలో రాయాలి.

తరువాత చర్చాసూచిక. దుబాసీ ఉన్నప్పుడు ప్రతి మాటా రెండుసార్లు పలుకుతుంది. గంట సమావేశంలో అసలు చర్చకు దక్కేది సుమారు అరగంట. కనుక ముఖ్యమైన అంశాలు రెండు చాలు. "నడుము కొలత" అని మాత్రమే రాస్తే ఏమి తేల్చాలో తెలియదు. ఉతికితే గుడ్డ కుదించుకుపోవచ్చు. ఒకరు ఉతకకముందు, మరొకరు ఉతికిన తరువాత కొలిస్తే తేడా వస్తుంది. కాబట్టి అంశాన్ని ప్రశ్నగా రాయాలి.

ఆహ్వానం

తేదీ: 2026 మార్చి 10, మంగళవారం
సమయం: బళ్లారిలో సాయంత్రం 6.30 – 7.30, న్యూయార్కులో ఉదయం 9.00 – 10.00

1. పలకరింపు, ధ్వని పరీక్ష – 5 నిమిషాలు
2. నడుమును ఉతకకముందు కొలవాలా, ఉతికిన తరువాతనా? – 25 నిమిషాలు
3. సరుకు పంపేది మార్చి 31ననా, ఏప్రిల్ 10ననా? – 20 నిమిషాలు
4. నిర్ణయాలను రెండు భాషలలో చదవడం – 10 నిమిషాలు

ఇంగ్లీషు ప్రతిలోనూ ఇవే వరుస సంఖ్యలు ఉండాలి. మాట సరిగా వినిపించకపోయినా "మూడవ అంశం" అనగానే ఇరువైపులవారూ ఒకే చోట చూస్తారు. నాలుగవ అంశాన్ని వదలకూడదు. ఒకరు "సరే" అన్నది విన్నాననా, ఒప్పుకున్నాననా అన్నది అప్పుడే తేలుతుంది. నమూనా చిత్రాలను, ఆహ్వానాన్ని దుబాసీకి ముందుగానే పంపితే కుట్టుపని మాటలను ఆయన తెలుసుకొని ఉంటాడు.

అభ్యాసం

1. ఇదే సమావేశం 2026 మార్చి 3న సాయంత్రం 6.30కు జరిగితే న్యూయార్కులో సమయం ఎంత?
2. "జిప్పులు" అనే అంశాన్ని ప్రశ్నగా మార్చి రాయండి.