20 కాకుండా 23న కుదురుతుందా?

జీఎస్టీ పని చూసే ఆఫీసుల్లో ప్రతి నెలా 14 నుంచి 20 దాకా సెలవు అడగడానికి ఎవరికీ నోరు రాదు. 14న పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి వస్తుంది. సరుకు అమ్మినవాళ్లు అక్కడ చూపించిన బిల్లులను, క్లయింటు పుస్తకాల్లోని కొనుగోళ్లతో ఒక్కొక్కటిగా సరిచూడాలి. ఏ బిల్లుకు క్రెడిట్ వస్తుందో, ఏది రాదో తేల్చాలి. ఆ తర్వాత నెలనెలా రిటర్ను వేసే వ్యాపారులందరి జీఎస్టీఆర్-3బి 20లోగా దాఖలు చేయాలి. తేదీ దాటితే మామూలుగా రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ పడతాయి. చివరి రోజు పోర్టల్ మొరాయిస్తే ఇక ఆ రోజు ఇంటికి ఎప్పుడు వెళతారో చెప్పలేం.

విజయవాడలో అలాంటి ఆఫీసులో పనిచేస్తున్న ఒక అమ్మాయికి హైదరాబాద్‌లోని ఓ కంపెనీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందనుకుందాం. 15వ తేదీ గురువారం మధ్యాహ్నం మెయిల్ అందింది. 20వ తేదీ మంగళవారం ఉదయం 11 గంటలకు ఫైనాన్స్ మేనేజర్, మరో ఇద్దరు ఆమెతో మాట్లాడతారు. నేరుగా రావాలి.

ఇలాంటప్పుడు ఇంటర్వ్యూ తేదీ మార్చమని అడగడానికి చాలామందికి ముందుగా తట్టే కారణం జ్వరం. ఒంట్లో బాగోలేదని రాస్తే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు కదా అనుకుంటారు. ఆ అబద్ధం బయటపడుతుందా లేదా అన్నది అటుంచండి. దానివల్ల చేతిలో ఉన్న మంచి కారణం వృథా అయిపోతుంది. ఆ మేనేజర్ కూడా ఫైనాన్స్ మనిషే. 20వ తేదీ అంటే ఏమిటో ఆయనకు ఎవరూ వివరించనక్కర్లేదు. గడువు రోజున పని వదిలి రాని మనిషి రేపు తన దగ్గరా అలాగే ఉంటుందని ఆయనే అనుకుంటారు. ఆ మాట ఆమె ఉత్తరంలో చెప్పుకోవాల్సిన పని లేదు.

అయితే నిజమైన కారణాన్ని కూడా చెడగొట్టుకోవచ్చు. ఇలా రాస్తే చూడండి: "సర్, మీ పిలుపుకు చాలా కృతజ్ఞతలు. దయచేసి అన్యథా భావించవద్దు. ప్రస్తుతం మా ఆఫీసులో పని చాలా ఎక్కువగా ఉంది. ఇద్దరు మానేశారు, వాళ్ల క్లయింట్లు కూడా నా మీదే పడ్డారు. మా సార్ సెలవు ఇవ్వరు. ఇంటర్వ్యూ మరో రోజుకు మార్చగలరని ప్రార్థన. ఏ రోజైనా నాకు ఫర్వాలేదు."

వినయానికి లోటు లేదు. కానీ పని ఎక్కువగా ఉందన్న మాటకు ముగింపు తేదీ లేదు, వచ్చే వారం తగ్గుతుందని ఆయన ఎలా నమ్మాలి? మనుషులు మానేశారన్నది ఆమె ఆఫీసు లోపలి సంగతి. ఇవాళ ఆ ఆఫీసు గుట్టు తనకు చెప్పిన మనిషి, రేపు తమ గుట్టు ఇంకొకరికి చెబుతుందేమోనన్న అనుమానం రావడం సహజం. ఇక "ఏ రోజైనా ఫర్వాలేదు" అన్నది మర్యాదగానే వినిపిస్తుంది గానీ, ముగ్గురి తీరికను కలిపి రోజు వెతికే భారాన్నంతా ఆయన మీదే పెడుతుంది. పైగా అది నిజం కూడా కాదు. ఆయన 19 అంటే ఏం చేస్తుంది?

అసలు కష్టం రోజు ఎంచుకోవడంలోనే ఉంది. గడువు 20 కాబట్టి 21 అనో 22 అనో రాయాలనిపిస్తుంది. కానీ పోర్టల్ పనిచేయనప్పుడు ప్రభుత్వం గడువు పొడిగించిన సందర్భాలున్నాయి. 2024 డిసెంబరు నెల 3బి గడువును 2025 జనవరి 20 నుంచి 22కు జరిపారు. 22 అని రాసి, అలాంటిదే మళ్లీ జరిగితే రెండోసారి వాయిదా అడగాలి. ఒకసారి అడగడం ఎవరికైనా జరిగేదే. రెండోసారి అడిగితే ఎంత మంచి కారణమైనా నిలవదు. అందుకే మొదట ఖాళీ అయ్యే రోజు కాదు, కదలని రోజు చూసుకోవాలి. ఆమె 23 శుక్రవారం, 26 సోమవారం ఎంచుకుంటుంది. విజయవాడ నుంచి ప్రయాణం ఉంది కనుక ఉదయం 11 తర్వాత అంటుంది. ఒకే ఒక్క గంట చెబితే ముగ్గురికీ కుదరకపోవచ్చు, అందుకే సాయంత్రం 5 దాకా వదిలేస్తుంది.

ఉత్తరం ఇంగ్లిష్‌లోనే వెళుతుంది. సారం ఇది:

"గౌరవనీయులైన సర్, 20వ తేదీ ఉదయం 11 గంటల ఇంటర్వ్యూ పిలుపు అందింది, కృతజ్ఞతలు. ఈ ఉద్యోగం మీద నాకు గట్టి ఆసక్తి ఉంది. నేను చూసే క్లయింట్ల జీఎస్టీఆర్-3బి గడువు అదే రోజు కావడంతో ఆ రోజు విజయవాడ వదిలి రాలేను. 23 శుక్రవారం గానీ 26 సోమవారం గానీ, ఉదయం 11 నుంచి సాయంత్రం 5 లోపు ఏ సమయమైనా నేరుగా రాగలను. ఈలోగా వీడియోలో మాట్లాడడం మీకు సౌకర్యమైతే 17 శనివారం సాయంత్రం 7 తర్వాత అందుబాటులో ఉంటాను. ఈ మార్పు వల్ల మీకు కలిగే ఇబ్బందికి మన్నించండి."

కింద పేరు, ఫోన్ నంబరు. ఇంతకంటే పొడవు అక్కర్లేదు. మన్నింపు ఒక్కసారే, అదీ చివర్లో. క్లయింట్ల పేర్లు లేవు, ఎందరున్నారో కూడా లేదు. చదివాక ఆయన "23, మధ్యాహ్నం 2" అని ఒక్క ముక్క రాస్తే పని అయిపోతుంది.

పిలుపు పంపింది హెచ్‌ఆర్ వాళ్లయినా, నిర్ణయం మేనేజర్‌ది. ఆయన చిరునామా ఆ మెయిల్‌లో ఉంటే అందులోనే అందరికీ వెళ్లేలా జవాబివ్వాలి, విడిగా కొత్తది మొదలుపెట్టకూడదు. గురువారం రాత్రికో, మరీ కాకపోతే శుక్రవారం ఉదయానికో అది చేరాలి. శుక్రవారం సాయంత్రం పంపితే ఆయన సోమవారం చూస్తారు, మర్నాడే ఇంటర్వ్యూ. సొంత ఫోన్ నుంచి, సొంత మెయిల్‌తోనే పంపాలి. ఆఫీసు కంప్యూటర్ జోలికి పోకూడదు, ఈ ప్రయత్నం సంగతి అక్కడెవరికీ ఇంకా తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నానికి కూడా జవాబు రాకపోతే హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి, మెయిల్ చూశారా అని అడగాలి. ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నారని అనుకోవడం ప్రమాదం. అవతలి నుంచి మాట వచ్చేదాకా 20వ తేదీ ఉన్నట్టే లెక్క.

కుదరదన్న జవాబూ రావచ్చు. ముగ్గురిలో ఒకరు 21న ఊరు వెళ్లిపోతుండవచ్చు. దానికేం చేయాలో ఉత్తరం పంపకముందే తేల్చుకుని ఉండాలి. తన వంతు రిటర్నులు 19 రాత్రికి పూర్తవుతాయా, మిగిలినవి చూడడానికి తోటివారు ఒప్పుకుంటారా, లేక ఈ అవకాశాన్ని వదులుకోవడానికి తను సిద్ధమా? "కుదరకపోతే 20నే వస్తాను" అని ఉత్తరంలో ముందే రాయడం నాకు నచ్చదు. ఆ వాక్యం కనబడితే తేదీ మార్చే శ్రమ ఎవరూ తీసుకోరు.

ఒప్పుకున్నాక ఇంకో చిన్న పని మిగులుతుంది. కొత్త తేదీ, సమయం, చిరునామా మళ్లీ రాసి ఒక్క వాక్యంలో ఖరారు చేయాలి. క్యాలెండర్‌లో పాత ఆహ్వానం అలాగే ఉందేమో చూసుకుని, ఉంటే తీసేయమని హెచ్‌ఆర్‌కు చెప్పాలి. మేనేజర్‌కు మార్పు తెలిసినా, మిగతా ఇద్దరిలో ఒకరి క్యాలెండర్‌లో పాతది మిగిలిపోతే, ఆయన 20న 11 గంటలకు వచ్చి గదిలో కూర్చుంటారు.