గోళీలాటలో న్యూట్రాన్

పోయినవారం లంచ్‌లో ఒక మిత్రుడు అడిగాడు: "రియాక్టర్‌లో న్యూట్రాన్ల జోరు తగ్గించాలంటే సీసంలాంటి బరువైన వస్తువు పెట్టాలి గదా, నీళ్ళు పోస్తారేమిటి?" చదువుకునే రోజుల్లో నా సందేహమూ ఇదే. సమాధానం మనం చిన్నప్పుడు ఆడిన గోళీల్లో ఉంది.

ఒక గోళీతో అంతే బరువున్న గోళీని సూటిగా కొట్టండి. కొట్టిన గోళీ అక్కడే ఆగిపోతుంది. దాని వేగమంతా రెండోది తీసుకుపోతుంది. అదే గోళీని రోలుకేసి కొడితే రోలు కదలదు. గోళీ దాదాపు వచ్చిన వేగంతోనే వెనక్కొస్తుంది. దిశ మారింది గాని శక్తి పోలేదు. న్యూట్రాన్‌కి హైడ్రోజన్ కేంద్రకం సాటి గోళీ, సీసం రోలు.

యురేనియం-235 చీలినప్పుడు పుట్టే న్యూట్రాన్‌కి సగటున 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. అది 0.025కి దిగితే మరో కేంద్రకాన్ని చీల్చే అవకాశం వందల రెట్లు పెరుగుతుంది. కేంద్రకం బరువు A అయితే, సూటిగా గుద్దుకున్నాక న్యూట్రాన్‌కి మిగిలే శక్తి వాటా ((A-1)/(A+1))^2. హైడ్రోజన్‌తో సున్నా, కార్బన్‌తో 72 శాతం, సీసంతో 98 శాతం.

ప్రతి దెబ్బా సూటిగా తగలదు. మిగిలే వాటా ఈ కనిష్ఠానికీ ఒకటికీ మధ్య ఎక్కడైనా సమాన అవకాశంతో ఉంటుందనుకుని మీరే లెక్కెయ్యండి:

```python
import random
A = 12
a = ((A-1)/(A+1))**2
E, n = 2e6, 0
while E > 0.025:
    E *= random.uniform(a, 1)
    n += 1
print(n)
```

చాలాసార్లు నడిపి సగటు తీస్తే హైడ్రోజన్‌కి 19, కార్బన్‌కి 116, సీసానికి దాదాపు 1900 దెబ్బలు వస్తాయి.

దెబ్బలు ఎక్కువైతే నష్టమేమిటి? దారిలో యురేనియం-238 కాచుకుని ఉంటుంది. కొన్ని ప్రత్యేక శక్తుల దగ్గర, ఉదాహరణకి 6.67 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, అది న్యూట్రాన్లని గుటుక్కున మింగేస్తుంది. చిన్నచిన్న మెట్లు దిగే న్యూట్రాన్ ఆ విరిగిన మెట్టు మీద తప్పకుండా కాలేస్తుంది. పెద్ద అంగలు వేసేది దాటిపోవచ్చు.

అయితే హైడ్రోజన్‌కి ఒక దుర్గుణం ఉంది: తానే అప్పుడప్పుడు న్యూట్రాన్‌ని మింగి డ్యుటీరియం అయిపోతుంది. అందుకే మామూలు నీళ్ళు వాడే రియాక్టర్లకి యురేనియం-235 వాటాని 3 నుంచి 5 శాతానికి పెంచిన ఇంధనం కావాలి. డ్యుటీరియంతో 26 దెబ్బలు పడతాయి గాని, మింగడం వందల రెట్లు తక్కువ. కనుక భారజలంతో 0.7 శాతమే ఉన్న సహజ యురేనియం సరిపోతుంది. మన మణుగూరులో భారజలం తయారు చేసేది ఇలాంటి రియాక్టర్ల కోసమే.

మా మిత్రుడికి చివరికి చెప్పింది ఇదే: తేలికగా ఉంటే చాలదు, మింగకుండానూ ఉండాలి.