ప్లకార్డ్ నాన్నగారిది, కారుది కాదు
కాలిఫోర్నియాలో వికలాంగుల పార్కింగ్: చేయవలసినవి, చేయకూడనివి

కాలిఫోర్నియాలో పిల్లల దగ్గర స్థిరపడిన మన పెద్దవాళ్లలో మోకాళ్లో, గుండో, ఊపిరితిత్తులో ఇబ్బంది పెట్టనివాళ్లు తక్కువ. వాళ్లకు డీఎంవీ ఇచ్చే ప్లకార్డ్ ఉంటే కారు అద్దానికి తగిలించి, దుకాణం గుమ్మానికి దగ్గర్లో నీలిగీతల మధ్య బండి ఆపుకోవచ్చు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. కానీ ఇంట్లో ఒకరికి ప్లకార్డ్ వచ్చిన కొన్నాళ్లకు అది కారుకు దక్కిన సదుపాయంలా మారిపోతుంది. అది ఎప్పుడూ అద్దానికి వేలాడుతూనే ఉంటుంది, ఎవరు నడిపితే వాళ్లు వాడేస్తారు. చట్టం మాత్రం దాన్ని ఒక మనిషికి ఇచ్చింది. కింద చెప్పే నియమాలు, జరిమానాలు దాదాపు అన్నీ ఈ ఒక్క మాట మీదే నిలబడ్డాయి.

ఎవరికి ఇస్తారు

వయసు మీద పడిందని ఎవరికీ ప్లకార్డ్ ఇవ్వరు. ఎనభై ఏళ్లు దాటినా చకచకా నడిచేవారికి అర్హత లేదు. ముప్పై ఏళ్లవారికైనా గుండె జబ్బుంటే రావచ్చు. గుండె లేదా రక్తప్రసరణ జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కాళ్ల వాడకాన్ని బాగా తగ్గించే వ్యాధి, కొన్ని రకాల చూపు లోపాలు, కాలు లేదా రెండు చేతులు కోల్పోవడం ఇందులోకి వస్తాయి. వీటిలో కొన్ని చూస్తే కనబడవు. కారు దిగి మామూలుగా నడిచి వెళ్తున్న మనిషిని ఆపి "నీకేం జబ్బు?" అని అడిగే హక్కు పక్క కారువాడికి లేదు. నిజంగా అనుమానం ఉంటే పార్కింగ్ అధికారులకో, డీఎంవీకో చెప్పాలి.

దరఖాస్తు ఫారం పేరు ఆర్ఈజీ 195. ఒక భాగం దరఖాస్తుదారు నింపాలి, ఇంకో భాగం డాక్టరు నింపి సంతకం చేయాలి. డాక్టరు రాసే భాగాన్ని పేషెంటో, కొడుకో, కోడలో నింపకూడదు. అలాగే "మోకాలు నొప్పి" అన్న ముక్కతో సరిపెడితే కుదరదు. జబ్బేమిటో, అది నడకను ఎలా అడ్డుకుంటోందో అందులో ఉండాలి. అందుకే ఫారం తీసుకొని క్లినిక్ నుంచి బయటికి రాకముందే ఆ భాగం ఒకసారి చదువుకోవడం మంచిది. కాలు లేదా రెండు చేతులు లేని విషయం కళ్లకు కనిపిస్తూ ఉంటే, ఆ మనిషి స్వయంగా డీఎంవీ ఆఫీసుకు వెళితే చాలు, డాక్టరు సంతకం అక్కర్లేదు.

శాశ్వత ప్లకార్డ్ నీలం రంగులో ఉంటుంది, దానికి ఫీజు లేదు. ఆపరేషన్ తర్వాత కోలుకుంటున్నవారికి ఇచ్చే తాత్కాలిక ప్లకార్డ్ ఎర్రగా ఉంటుంది. దాని ఫీజు 6 డాలర్లు. డాక్టరు రాసిన తేదీ వరకో, 180 రోజుల వరకో, ఏది ముందు వస్తే అంతవరకే అది చెల్లుతుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న యూడీఐడీ కార్డు వైకల్యానికి రుజువు కావచ్చు గానీ, ఇక్కడ అద్దానికి తగిలించే పర్మిట్ కాదు.

చేయవలసినవి

బండి ఆపాక ప్లకార్డ్‌ను అద్దానికి తగిలించండి. కదిలేముందు తీసేయండి, ఎందుకంటే వేలాడే వస్తువు డ్రైవరు చూపుకు అడ్డమొస్తుంది. ప్లకార్డ్‌తో పాటు డీఎంవీ ఒక గుర్తింపు పత్రం పంపుతుంది. చాలా ఇళ్లలో ఇది కవరులోనే ఉండిపోతుంది, అసలు పేచీ అక్కడే మొదలవుతుంది. అధికారి అడిగినప్పుడు అది చూపించలేకపోతే ప్లకార్డ్‌ను దుర్వినియోగం చేస్తున్నారని భావించేందుకు చట్టం వీలిస్తుంది. అలా కాదని రుజువు చేసుకోవలసింది మీరే. కాబట్టి ఆ కాగితం పెద్దాయన జేబులోనో, పర్సులోనో ఉండాలి.

ఎక్కడెక్కడ ఆపవచ్చో కూడా తెలుసుకోండి. చక్రాల కుర్చీ గుర్తున్న చోట్లు, నీలం రంగు వేసిన ఫుట్‌పాత్ అంచులు ఎలాగూ ఉన్నాయి. ఇవి కాక, కొద్దిసేపటికే అనుమతించే ఆకుపచ్చ అంచు దగ్గర ఎంతసేపైనా ఆపవచ్చు. వీధి మీటర్ల దగ్గర డబ్బు కట్టక్కర్లేదు. అక్కడి నివాసులకే పర్మిట్లిచ్చే వీధుల్లోనూ ఆపవచ్చు. ఎరుపు, పసుపు, తెలుపు అంచుల దగ్గర మాత్రం ప్లకార్డ్ ఉన్నా ఆపకూడదు. వేరే రాష్ట్రానికి వెళ్తే అక్కడా మీ ప్లకార్డ్‌ను గౌరవిస్తారు. కానీ మీటరు డబ్బు, గంటల లెక్క అక్కడి నియమం ప్రకారమే ఉంటాయి.

ఇల్లు మారితే డీఎంవీకి కొత్త చిరునామా చెప్పండి. నీలం ప్లకార్డ్ బేసి సంఖ్య సంవత్సరాల్లో జూన్ 30తో ముగుస్తుంది, కొత్తది పోస్టులో వస్తుంది. ఆరేళ్లకోసారి మాత్రం "నాకు ఇంకా కావాలి" అని సంతకం చేసి పంపాలి. ఈ పద్ధతి 2023 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చిరునామాకు వెళ్లిన నోటీసును చూడకపోతే, గడువు దాటిన ప్లకార్డ్‌తోనే తిరుగుతుంటారు.

చేయకూడనివి

అన్నిటికంటే ముందు గీతల సంగతి చెప్పాలి. ప్లకార్డ్ ఉన్నవారు కూడా చేసే తప్పు ఇది. వికలాంగుల బే పక్కన అడ్డగీతలు గీసిన జాగా ఒకటి ఉంటుంది, అందులో "నో పార్కింగ్" అని రాసి ఉంటుంది. మామూలు బే అయితే ఈ గీతల జాగా వెడల్పు ఐదు అడుగులు. వ్యాన్ బే అయితే ఎనిమిది అడుగులు, లేదా బేనే పన్నెండు అడుగులు చేసి పక్కన ఐదు అడుగులు వదులుతారు. అది మిగిలిపోయిన ఖాళీ కాదు. వ్యాన్ పక్కతలుపు తెరిస్తే అందులోంచి ర్యాంపు బయటికి వస్తుంది. ఆ ర్యాంపు దిగాక కుర్చీ తిరగడానికి ఇంకొంత చోటు కావాలి. ఆ గీతల మీద ఒక స్కూటరో, షాపింగ్ బండో, "రెండు నిమిషాలే" అంటూ ఆపిన కారో ఉంటే, మందులు కొనుక్కొని వచ్చిన మనిషి తన వ్యాన్‌లోకి తాను ఎక్కలేక ఎండలో నిలబడాలి. అందుకే చట్టంలో గీతల మీద ఆపడమూ, ప్లకార్డ్ లేకుండా బేలో ఆపడమూ ఒకే సెక్షన్ కిందికి వస్తాయి. ప్లకార్డ్ ఉందన్నంత మాత్రాన గీతల మీద మినహాయింపు లేదు. లోపల మనిషి ఉన్నాడనో, ఇంజన్ ఆన్‌లో ఉందనో చెప్పినా జరిమానా తప్పదు.

వ్యాన్ బేలో ప్లకార్డ్ ఉన్న మామూలు కారు ఆపడం చట్టవిరుద్ధం కాదు. అయినా పక్కనే వేరే బే ఖాళీగా ఉంటే అందులో పెట్టండి. ర్యాంపు ఉన్నవారికి వేరే గత్యంతరం లేదు.

ఇక ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు. ఫ్రీమాంట్‌లో ఒక కుటుంబం ఉందనుకుందాం. తండ్రికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, నీలం ప్లకార్డ్ ఉంది. ఆదివారం కొడుకు ఆయన్ని గుడికి తీసుకెళ్లి బేలో ఆపాడు. అది సక్రమమే. ప్లకార్డ్ ఆయనది, ఆయన కోసమే ప్రయాణం. కారు కొడుకుదైనా, తోలింది కొడుకైనా ఇబ్బంది లేదు. నాన్నగారిని గుమ్మం దగ్గర దింపి, బేలో బండి పెట్టి, తర్వాత ఎక్కించుకోవడానికి వచ్చినా సరే, ఆయన దగ్గర్లోనే ఉన్నారు. మంగళవారం కొడుకు ఒక్కడే ఆఫీసు పనిమీద ఊళ్లోకి వెళ్లాడు, మీటరు దగ్గర ఆపి ప్లకార్డ్ తగిలించాడు. ఇది దుర్వినియోగం. "మా నాన్నగారికి మందులు తేవడానికే వచ్చాను" అన్నా కూడా అంతే. నాన్నగారు ఇంట్లో ఉన్నారు కదా! అలాంటి అవసరాలకు ఆ కుటుంబం మామూలు చోట బండి ఆపుకోవాలి.

అధికారి వచ్చి అడిగాడు. కొడుకు దగ్గర పేరు సరిపోయే గుర్తింపు పత్రం లేదు. అధికారి ప్లకార్డ్‌ను అక్కడికక్కడే స్వాధీనం చేసుకోవచ్చు. టికెట్ ఇస్తే 250 నుంచి 1,000 డాలర్ల దాకా పడుతుంది. నేరంగా కేసు పెడితే ఆరు నెలల దాకా కౌంటీ జైలు కూడా ఉంది. ఇది కొడుక్కి పడే శిక్ష. కానీ బుధవారం ఆసుపత్రికి వెళ్లాల్సిన నాన్నగారి చేతిలో ఇప్పుడు ప్లకార్డ్ లేదు. మన ఇళ్లలో ఎవరూ ఈ భాగం ఆలోచించరు. ప్లకార్డ్‌ను అరువిచ్చినవాళ్లూ, పుచ్చుకున్నవాళ్లూ ఇద్దరూ తప్పుచేసినట్టే. నకలు తీయడం, తేదీ దిద్దడం ఇంకా పెద్ద నేరాలు.

జరిమానా పడితే

ప్లకార్డ్ లేకుండా బేలోనో, గీతల మీదో ఆపితే మొదటిసారి 250 నుంచి 500 డాలర్లు, రెండోసారి 500 నుంచి 750, మూడోసారి నుంచి 750 నుంచి 1,000. చాలా చోట్ల బే ముందున్న పలకమీదే కనీసం 250 అని రాసి ఉంటుంది. మామూలు పార్కింగ్ టికెట్ అనుకుని తేలిగ్గా తీసుకోకండి.

ప్లకార్డ్ నిజంగానే ఉండి, తగిలించడం మరచిపోయినవారి సంగతి వేరు. టికెట్ ఇచ్చిన రోజున అది చెల్లుబాటులో ఉందని రుజువు చూపిస్తే, టికెట్ ఇచ్చిన సంస్థ దాన్ని రద్దు చేసి గరిష్ఠంగా 25 డాలర్లు మాత్రం పరిపాలన రుసుంగా తీసుకోవచ్చు. అందుకు ఆ టికెట్ మీదున్న గడువులోపల రాతపూర్వకంగా అడగాలి. ఊరుకుంటే పూర్తి జరిమానా, ఆపైన ఆలస్య రుసుము.

పోయినవారి ప్లకార్డ్

2017లో కాలిఫోర్నియా స్టేట్ ఆడిటర్ డీఎంవీ రికార్డులు తిరగేస్తే, నూరేళ్లు దాటినవారి పేరు మీద దాదాపు 26,000 చెల్లుబాటులో ఉన్న ప్లకార్డులు తేలాయి. రాష్ట్రం మొత్తంలో ఆ వయసువారు 8,000 మందే ఉంటారని అప్పటి అంచనా. అదే నివేదిక ప్రకారం, చనిపోయినవారి పేరున నడుస్తున్నట్టు కనిపించిన శాశ్వత ప్లకార్డులు దాదాపు 35,000. ఆరేళ్లకోసారి సంతకం అడగడం ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో ఒకటి. నియమం ప్రకారం, మనిషి పోయిన 60 రోజుల్లోపు ప్లకార్డ్‌ను డీఎంవీకి తిరిగి ఇవ్వాలి. కర్మలు, కాగితాలు, బ్యాంకుల పనుల్లో ఇది మరుగున పడిపోతుంది. కానీ ఆ తర్వాత దాన్ని ఎవరు వాడినా దుర్వినియోగమే. మీ గ్లోవ్‌బాక్సులో గతించిన అమ్మదో, నాన్నదో ప్లకార్డ్ ఉంటే, ఈ వారమే కవరులో పెట్టి డీఎంవీకి పంపించేయండి.