బారసాల క్యాప్షన్: చెవిలో చెప్పే పేరు, ఊరికి చెప్పే పేరు

నామకరణం వీడియోలో పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పడం వరకు చూశాం. ఆ తర్వాత ఈ కాలంలో ఇంకో ఘట్టం ఉంది: ఫొటో పెట్టి క్యాప్షన్ రాయడం. ఈ పోస్ట్ దాని గురించే.

నూజివీడులో మాకు తెలిసిన వాళ్ళింట్లో పాప బారసాల అయింది. క్యాప్షన్ రాసే బాధ్యత పాప బాబాయిది. ఆయన రాసిన మొదటి డ్రాఫ్ట్ ఇది. పాప అసలు పేరు ఇక్కడ పెట్టను, పాఠం కోసం 'అన్విత' అనుకుందాం. మిగతా వివరాలు కూడా మార్చాను.

"పదేళ్ళ ఎదురుచూపులు, ఎన్నో ట్రీట్‌మెంట్ల తర్వాత మా ఇంటికి మహాలక్ష్మి వచ్చింది! ఈరోజు 21వ రోజు, బారసాల. కృత్తిక నక్షత్రం ఒకటో పాదం, 'అ' అక్షరం వచ్చింది. పేరు అన్విత, అంటే దూరాలను కలిపే వంతెన!"

ప్రేమగానే రాశారు, తప్పు పట్టాలని లేదు. కానీ ఇందులో ఊరికి చెప్పాల్సింది ఎంత, ఇంట్లో ఉండాల్సింది ఎంత?

ఇది ఇప్పటి ప్రైవసీ భయం మాత్రమే అనుకోకండి. మన దగ్గర చాలామంది పురోహితులు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రంలోనే పేర్లు రెండు రకాలు. నక్షత్రాన్ని బట్టి పెట్టే పేరు ఒకటి, దాన్ని రహస్యంగా ఉంచమని సూత్రం చెప్తుంది. పదో రోజు తల్లి లేచి స్నానం చేశాక అమ్మానాన్నలు పెట్టే పేరు ఇంకొకటి, అది అందరూ పిలవడానికి. అంటే ఏది చెవిలో చెప్పాలో, ఏది బయటికి పిలవాలో పెద్దవాళ్ళు ఎప్పుడో విడదీసి పెట్టారు. క్యాప్షన్‌లోకి రావాల్సింది ఆ రెండో పేరు, అంటే వ్యవహార నామం.

"గుడిలో అర్చనకి గోత్రం, నక్షత్రం చెప్తాం కదా?" అంటారేమో. చెప్తాం. కానీ అక్కడ వినేది దేవుడు, అర్చకుడు, పక్కన నిలబడ్డ నలుగురు. స్క్రీన్‌షాట్ తీసేవాళ్ళు ఉండరు.

ఇక కొంచెం లెక్క వేద్దాం, ఇంజనీరుని కదా, చేతులు ఊరుకోవు. పుట్టిన రోజుని ఒకటిగా లెక్కపెడితే 21వ రోజు నుంచి 20 తీసేస్తే పుట్టిన తేదీ వచ్చేసింది. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, నక్షత్రానికి నాలుగు పాదాలు, కాబట్టి ఒక పాదం అంటే సుమారు ఆరు గంటలు. ఆ తేదీకి పంచాంగం తెరిస్తే పాప ఏ ఆరు గంటల్లో పుట్టిందో తెలిసిపోతుంది. 'అ' అక్షరం వచ్చిందన్నా చాలు, ఎందుకంటే అ, ఈ, ఊ, ఏ అనేవి వరుసగా కృత్తిక నాలుగు పాదాల అక్షరాలు. జాతకం చెప్పే ఆయనకి కావాల్సినంత సమాచారం మనమే పబ్లిక్‌గా పెట్టేశాం. బ్యాంకు పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీని మార్చుకోలేం. పాప పెద్దయ్యాక స్కూలు నుంచి ఆధార్ దాకా అదే తేదీ అడుగుతారు.

అందుకే "21వ రోజు" తీసేసి "బారసాల జరిగింది" అంటే సరిపోతుంది. పోస్ట్ కూడా ఆ రోజే పెట్టక్కర్లేదు, ఓ రెండు వారాలు ఆగి పెట్టినా ఆశీస్సులు తగ్గవు. ఫొటో విషయంలో ఇంకో జాగ్రత్త. బియ్యం మీద చాలా ఇళ్ళల్లో మాస నామం, నక్షత్ర నామం కూడా రాస్తారు. క్యాప్షన్‌లో దాచి ఫొటోలో చూపిస్తే ఏం లాభం? వ్యవహార నామం ఉన్నంతవరకే క్రాప్ చేయండి.

డ్రాఫ్ట్‌లో నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం మొదటి లైను. పదేళ్ళు, ట్రీట్‌మెంట్లు. అది బాబాయి కథ కాదు, ఆ అమ్మ కథ. ఎన్ని సూదులు, ఎన్ని మాటలు పడిందో ఆమెకి తెలుసు. చెప్పాలనుకుంటే ఆమె చెప్తుంది, తనకి నచ్చినప్పుడు, నచ్చినవాళ్ళకి. ఈ లైను చదివి "ఏ ఆసుపత్రి? ఎంతయింది?" అని అడిగే చుట్టాలకి సమాధానం చెప్పుకోవాల్సింది కూడా ఆమే. బాబాయికి ఈ మాట చెప్తే, "వదినని ఒకసారి అడుగుతా" అన్నారు. అడిగారు. ఆవిడ వద్దన్నారు. "సంతోషం రాయి చాలు" అన్నారట.

ఇప్పుడు పేరు అర్థం. 'వంతెన' ఎక్కడి నుంచి వచ్చిందంటే నెట్‌లో బేబీ నేమ్స్ లిస్ట్ నుంచి. సంస్కృతంలో 'అన్విత' అంటే కూడి ఉన్నది, వెంట ఉన్నది. 'గుణాన్విత' అంటే మంచి గుణాలతో కూడినది. స్కూల్లో పద్యానికి అన్వయం రాసేవాళ్ళం గుర్తుందా? పదాలను ఒకదాని వెంట ఒకటి కలపడం. అదే ధాతువు: 'అను' అంటే వెంట, 'ఇ' అంటే వెళ్ళడం. వంతెన కన్నా ఇదే బాగుంది నాకైతే! పైగా అ-న్వి-త మూడు అక్షరాలు. ఆడపిల్లల పేర్లో బేసి అక్షరాలు ఉండాలన్న ఆపస్తంబ నియమానికీ సరిపోతుంది. మీ పాప పేరుకి అర్థం రాసేముందు ఆంధ్రభారతి నిఘంటువులో ఒకసారి వెతకండి, లేదా పురోహితుణ్ణి అడగండి. నిఘంటువు అర్థాన్ని ఒక వాక్యంలో రాసి, మీ కోరికని వేరే వాక్యంలో రాయండి. రెండూ కలిపేస్తేనే 'వంతెన'లు పుడతాయి.

చివరికి వాళ్ళు పెట్టిన క్యాప్షన్ ఇలా తయారైంది:

"మా చిట్టితల్లికి పేరు పెట్టుకున్నాం: అన్విత. కూడి ఉన్నది, వెంట ఉన్నది అని అర్థం. ఎప్పుడూ నలుగురితో కలిసి నవ్వుతూ ఉండాలని మా కోరిక. రసాలు పండే రోజుల్లో, మామిడి తోరణాల కింద, నాయనమ్మ పాట వింటూ ఉయ్యాల్లో నిద్రపోయింది. అందరం పేరు పెట్టి పిలిచినా కళ్ళు తెరవలేదు! మీ ఆశీస్సులు కావాలి. – అన్విత అమ్మానాన్న, నూజివీడు."

తేదీ లేదు, కానీ మామిడి సీజన్ ఉంది. వీధి పేరు లేదు, ఊరు ఉంది. ఇంటి పేరు లేదు, అయినా తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. ఆనందం "మహదానందంగా ఉంది" అనే మాటలో కాకుండా పాప కళ్ళు తెరవకపోవడంలో కనిపిస్తోంది. అది చదివి పాప గురించి ఎవరూ ఏమీ లెక్క కట్టలేరు.

ఇంగ్లీషులో కూడా పెడదామంటే స్పెల్లింగ్ ముందే తేల్చుకోండి. Anvita అని కొందరు, Anvitha అని మనవాళ్ళు రాస్తారు. పుట్టిన 21 రోజుల్లోపు జననం రిజిస్టర్ చేయించాలి, పేరు మాత్రం ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు. 1 అక్టోబర్ 2023 నుంచి పుట్టిన పిల్లలకి స్కూలు అడ్మిషన్‌కైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి రుజువు జనన ధ్రువపత్రమే. క్యాప్షన్ చూసి చుట్టాలు వెండి గిన్నె మీద పేరు చెక్కించేస్తారు, కాబట్టి సర్టిఫికెట్‌లో రాయించబోయే స్పెల్లింగే ఇక్కడా పెట్టండి.

నక్షత్రం, పాదం, పుట్టిన సమయం కావాల్సిన పురోహితుడు గారికి బాబాయి ఫోన్ చేసి చెప్పారు. నాయనమ్మ మాత్రం పంచాంగం వెనక అట్ట మీద పెన్నుతో రాసి బీరువాలో పెట్టారు.