రూ.19.99లో ఒక పైసా ఎక్కడికి పోయింది?

ఖర్చుల లెక్క రాసుకునే యాప్ ఏది రివ్యూకి వచ్చినా నేను ముందు రూ.19.99 ఎంట్రీ వేసి చూస్తాను. ఈమధ్య ఒక యాప్‌లో అది 19.98గా సేవ్ అయింది. అదే ఎంట్రీ వంద సార్లు వేస్తే టోటల్ సరిగ్గా రూపాయి తగ్గింది. ఎందుకో పైథాన్‌లో మీరే చూడొచ్చు:

```
>>> 19.99 * 100
1998.9999999999998
>>> int(19.99 * 100)
1998
```

1/3ని 0.333... అని ఎంత రాసినా తెగదు కదా, బైనరీలో 19.99 పరిస్థితీ అంతే. అందుకే ఫోన్ దానికి వెంట్రుకవాసి తక్కువగా ఉన్న నంబర్‌ని దాచుకుంటుంది. దాన్ని పైసల్లోకి మార్చేటప్పుడు `int` రౌండ్ చెయ్యదు, పాయింట్ తర్వాత ఉన్నదంతా కోసేస్తుంది. పైసా పోయేది అక్కడే.

మీరు యాప్ రాస్తుంటే డబ్బుని పైసల్లో, పూర్ణాంకంగా 1999 అని దాచండి. లేదా డెసిమల్ టైప్ వాడండి, కానీ కోట్స్ మర్చిపోవద్దు:

```
from decimal import Decimal
Decimal("19.99") * 100   # 1999.00
```

కోట్స్ లేకుండా `Decimal(19.99)` అంటే ముందు ఫ్లోట్ తయారై, ఆ తప్పే డెసిమల్‌లోకి దిగుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే!

పూర్ణాంకాలు వాడినా భాగహారం చిక్కు మిగిలే ఉంటుంది. రూ.100 ముగ్గురికి పంచితే తలా 3333 పైసలు పోగా ఒకటి మిగులుతుంది. అది ఎవరి ఖాతాలో వెయ్యాలో కోడ్‌లో మీరే చెప్పాలి. బిల్లు పంచే యాప్ మీ ఫోన్‌లో ఉంటే ఇదే లెక్క వేసి చూడండి: 33.34, 33.33, 33.33 అని వస్తే రాసినవాళ్లు ఆ పైసా గురించి ఆలోచించారన్నమాట.