పాల క్యాలెండరు పుట నుండి రోజువారీ లీటర్ల సేకరణ – నెల మొత్తంతో సరిచూచు విధానం

ఇంటింటికీ వాడుక పాలు పోసే విక్రేతలు చాలా చోట్ల లెక్కను గోడ క్యాలెండరు మీదనే ఉంచుతారు. ఆ రోజు పోసిన లీటర్లను తేదీ గడిలో వ్రాసి, నెలాఖరున పుట అంచున మొత్తం వేస్తారు. గ్రామస్థాయి పాల వినియోగ అధ్యయనాలకు ఇట్టి పుటలు ఉపయోగపడతాయి. అయితే వీటిలోని అంకెలను పట్టికకు ఎక్కించేటప్పుడు కొన్ని పొరపాట్లు తరచుగా దొర్లుతాయి. వాటిని నెల మొత్తం సాయంతో గుర్తించే విధానాన్ని 2024 జూన్ నెలకు తయారుచేసిన ఒక నమూనా పుట ద్వారా ఈ వ్యాసం వివరిస్తుంది.

నమోదు చేయు పద్ధతి

పట్టికలో తేదీకి ఒక వరుస చొప్పున ముందుగానే 30 వరుసలు సిద్ధపరచుకోవాలి. ప్రతి తేదీకి మూడు అంశాలు నమోదు చేయాలి: గడిలో ఉన్నది ఉన్నట్లుగా, దాని లీటర్ల విలువ, ఆ విలువ స్పష్టమా లేక ఊహించినదా అన్న సూచన. మొదటి అంశాన్ని తరువాత ఎన్నడూ మార్చరాదు. తిరిగి పరిశీలించుటకు అదే ఆధారం.

2024 జూన్ 1 శనివారం. అందువలన ఆ నెల ఆరు వారాలకు విస్తరించింది. వారాలను ఐదు నిలువు వరుసలలోనే ముద్రించే క్యాలెండర్లలో చోటు చాలక 30వ తేదీని మొదటి వరుసలోని ఖాళీ ఆదివారం గడిలో ముద్రిస్తారు. గడుల క్రమంలో చదువుతూ పోతే 30వ తేదీ పాలు 1వ తేదీకి ముందే వస్తాయి. కాబట్టి ముద్రిత తేదీని చూచియే విలువను నమోదు చేయాలి.

నమూనా పుట

ఈ ఇంటికి రోజువారీ వాడుక ఒకటిన్నర లీటర్లు. పుట అంచున మొత్తం 43 లీటర్లని, లీటరు 60 రూపాయల చొప్పున 2580 రూపాయలని ఉంది. మొదటి పఠనంలో 45.5 లీటర్లు వచ్చింది. అనగా 2.5 లీటర్లు ఎక్కువ.

మొదట అసాధారణ విలువలను వెదకాలి. 10వ తేదీన 5.5 నమోదైంది; మిగిలిన ఏ రోజూ 2 లీటర్లకు మించలేదు. గడిని తిరిగి చూడగా అక్కడ 1 1/2 అని ఉంది. రెండు ఒకట్లు దగ్గరగా ఉండుటచే దానిని 11/2గా చదివి, రెండుతో భాగించినందున 5.5 వచ్చింది. దీనిని 1.5గా సరిదిద్దగా మొత్తం 41.5 అయింది. ఇప్పుడు 1.5 లీటర్లు తక్కువ.

తరువాత గడుల సంఖ్యను లెక్కించాలి. ఒకటిన్నర 22 రోజులు, రెండు లీటర్లు 3 రోజులు, ఒక లీటరు 2 రోజులు, అర లీటరు 1 రోజు, ఇంటూ గుర్తు 1 రోజు: వెరసి 29. మిగిలిన 19వ తేదీ గడి ఖాళీగా ఉంది. పట్టికలో లీటర్లు C నిలువు వరుసలో ఉన్నచో ఈ రెండు సూత్రాలు సరిపోతాయి:

```
=SUM(C2:C31)
=COUNT(C2:C31)
```

ఇంటూ గుర్తుకు సున్న వ్రాయాలి. ఖాళీ గడిని ఖాళీగానే వదలాలి. అప్పుడు రెండవ సూత్రం 29 చూపి, ఒక తేదీ తేలలేదని తెలుపుతుంది. ఖాళీకి కూడా సున్న వేస్తే ఈ హెచ్చరిక అందదు.

ఖాళీ గడి అర్థం

ఖాళీ గడి పాలు పోయని నాగా రోజు కావచ్చు, వాడుక ప్రకారం పోసి వ్రాయని రోజు కావచ్చు. ఈ పుటలో 12వ తేదీ నాగాను విక్రేత ఇంటూ గుర్తుతో చూపినందున 19వ తేదీ నాగా అయ్యే అవకాశం తక్కువ. తేడా కూడా సరిగ్గా 1.5, అనగా రోజువారీ వాడుకకు సమానం. కావున 19వ తేదీకి 1.5 వేసి, "ఊహించినది" అని గుర్తించవచ్చు. మొత్తం 43 అవుతుంది. అయితే మూడు గడులలో అర గుర్తును చూడక వదిలినా తేడా 1.5 లీటర్లే వస్తుంది. అందుచేత రెండు లీటర్లు, ఒక లీటరుగా నమోదైన ఐదు గడులనూ తిరిగి చూచిన తరువాతనే ఈ నిర్ణయానికి రావాలి.

పరిమితులు

2580ని 60తో భాగిస్తే 43 వస్తుంది. ఇది అంచున ఉన్న మొత్తాన్ని సరిగా చదివినట్లు రుజువు చేస్తుంది. పాత బాకీ గాని, ముందుగా ఇచ్చిన సొమ్ము గాని బిల్లులో కలిసి ఉంటే వాటిని వేరు చేయనిదే ఈ భాగహారం పనికిరాదు.

మొత్తం సరిపోయినంత మాత్రాన ప్రతి రోజు విలువ సరియైనదని చెప్పలేము. ఒక గడిలో అర లీటరు ఎక్కువ, మరొక గడిలో అర లీటరు తక్కువ చదివితే తేడా కనబడదు. ఇందుకు ఇద్దరు వ్యక్తులు ఒకరి పట్టిక మరొకరు చూడకుండా నమోదు చేసి, తేదీ వారీగా పోల్చడమే మార్గం. అంతేగాక ఈ సరిచూపు పుటను చదివిన తీరును మాత్రమే పరీక్షిస్తుంది. విక్రేత కొలత పాత్ర సరియైనదో కాదో క్యాలెండరు తెలుపజాలదు. దానిని ఇంటి వద్ద ప్రామాణిక కొలతతో విడిగా పరీక్షించాలి.