సీసా మీద 25 అని ఉంది, లోపల ఎంత?

వేరుశనగ నూనె సాంద్రతను ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రయోగశాలలో కొలిచామనుకుందాం. విలువ మి.లీ.కు 0.908 గ్రాములు వచ్చింది. ఆ తర్వాత అమ్మకో నాన్నకో బదిలీ అయి షిల్లాంగ్ చేరాం. అదే డబ్బాలోని నూనెను అక్కడ చలికాలంలో కొలిస్తే 0.918 వచ్చింది. ఏది సరైనది? రెండూ సరైనవే కావచ్చు. అయితే అలా చెప్పాలంటే ముందు మన సీసా ఘనపరిమాణం కచ్చితంగా తెలియాలి, నూనె ఉష్ణోగ్రతనూ రాసుకుని ఉండాలి.

సాంద్రత సీసాను పిక్నోమీటర్ అని కూడా అంటారు. ఇది చిన్న గాజు సీసా. దీని మూతలో నిలువుగా సన్నటి రంధ్రం ఉంటుంది. మూత పెట్టగానే ఎక్కువైన ద్రవం ఆ రంధ్రం గుండా పైకి వచ్చేస్తుంది. అందువల్ల ఎన్నిసార్లు నింపినా ఘనపరిమాణం ఒకటే ఉంటుంది. సీసా మీద 25 మి.లీ. అని రాసి ఉన్నా అది సుమారు విలువే. అసలు విలువను మనమే నీటితో కనుక్కోవాలి. దీనినే క్రమాంకనం అంటారు.

సీసాను సబ్బునీటితో కడిగి, స్వేదనజలంతో తొలిచి, పూర్తిగా ఆరబెట్టి, మూతతో సహా తూచుదాం. 18.42 గ్రాములు వచ్చింది. తర్వాత గది ఉష్ణోగ్రతకు వచ్చిన స్వేదనజలంతో నింపి, బుడగలు లేకుండా మూత పెట్టి, బయట తుడిచి తూచుదాం. ఈసారి 43.21 గ్రాములు. అంటే నీటి ద్రవ్యరాశి 24.79 గ్రాములు. థర్మామీటర్ 30 డిగ్రీలు చూపుతోంది. నీటి సాంద్రత 1 అని మనం బట్టీ పట్టింది 4 డిగ్రీల దగ్గరి మాట. 30 డిగ్రీల వద్ద అది 0.9957 మాత్రమే. కాబట్టి:

సీసా ఘనపరిమాణం = 24.79 ÷ 0.9957 = 24.90 మి.లీ.

ఇప్పుడు సీసాను మళ్లీ ఆరబెట్టి, అదే 30 డిగ్రీల వద్ద నూనెతో నింపుదాం. నూనె ద్రవ్యరాశి 22.60 గ్రాములు వచ్చింది. 24.90తో భాగిస్తే సాంద్రత 0.9076. సీసా మీది 25నే నమ్మి ఉంటే 0.9040 వచ్చేది.

ఇక ఉష్ణోగ్రత సంగతి. వేడెక్కితే నూనె వ్యాకోచిస్తుంది, సాంద్రత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో కూడా మనమే కొలవవచ్చు. నూనెతో నింపిన సీసాను 40 డిగ్రీల నీటి తొట్టిలో మెడ వరకు ముంచి పావుగంట ఉంచుదాం. వ్యాకోచించిన నూనె రంధ్రంలోంచి బయటికి వస్తుంది. దాన్ని తుడిచేసి, సీసాను బయటికి తీసి ఆరబెట్టి, చల్లారాక తూచుదాం. చల్లారేటప్పుడు రంధ్రంలో నూనె మట్టం కిందికి దిగుతుంది, కానీ ద్రవ్యరాశి మారదు. ఈసారి నూనె 22.43 గ్రాములు, సాంద్రత 0.9008. పది డిగ్రీలకు 0.0068 తగ్గింది, అంటే డిగ్రీకి 0.00068. గాజు కూడా కొద్దిగా వ్యాకోచిస్తుంది, కానీ 0.01 గ్రాము వరకే చూపే మన త్రాసుతో ఆ తేడా తెలియదు.

రెండు ఊళ్ల విలువలను పోల్చాలంటే రెండింటినీ ఒకే ఉష్ణోగ్రతకు, ఉదాహరణకు 20 డిగ్రీలకు, మార్చాలి:

విశాఖపట్నం, 30 డిగ్రీలు: 0.9076 + 10 × 0.00068 = 0.9144
షిల్లాంగ్, 15 డిగ్రీలు: 0.9178 − 5 × 0.00068 = 0.9144

నూనె ఒకటేనని తేలింది. కూడాలా తీసివేయాలా అన్న అనుమానం వస్తే ఇలా ఆలోచిద్దాం: చల్లటి ఉష్ణోగ్రతకు మారుస్తుంటే సాంద్రత పెరగాలి, కాబట్టి కూడాలి.

తప్పులు ఎక్కువగా నింపేటప్పుడే జరుగుతాయి. అరచేత్తో సీసాను గట్టిగా పట్టుకుంటే ద్రవం వేడెక్కి బయటికి కారుతుంది. అందుకే మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకోవాలి. తుడిచే కాగితం రంధ్రం పైన ఆనితే ద్రవాన్ని పీల్చేస్తుంది. బుడగ మిగిలితే సాంద్రత తక్కువగా వస్తుంది. ఒకే ద్రవంతో మూడుసార్లు నింపి తూచితే ఈ లోపాలు బయటపడతాయి. మూడు తూకాల మధ్య తేడా 0.02 గ్రాము దాటితే మళ్లీ నింపాలి.

పెట్రోల్ బంకులో హైడ్రోమీటర్‌తో పాటు థర్మామీటర్ కూడా ఉండేది ఇందుకే. అక్కడ చదివిన సాంద్రతను పట్టిక సాయంతో 15 డిగ్రీల విలువకు మార్చి, సరుకుతో వచ్చిన కాగితంలోని విలువతో పోలుస్తారు. మార్చకుండా పోలిస్తే ఎండాకాలంలో మంచి పెట్రోల్ కూడా కల్తీలా కనిపిస్తుంది.